ఈ మగ్గం మీద చీర ఎవరిది?

మదనపల్లె పట్టుచీరను నేతగాడి ఇంటి నుంచే కొనాలంటే ఎవరిని అడగాలి, ఏం చూడాలి?

మదనపల్లె అనగానే బయటివాళ్లకు టమాటా గుర్తొస్తుంది. ఆ టమాటా లారీలు బారులు తీరే నీరుగట్టువారిపల్లెలోనే, యార్డు దాటి నేతవీధుల్లోకి మళ్లితే ఇంటింటా పట్టుమగ్గాలు. ఇక్కడ నేసిన చీర ఇక్కడి పేరుతో అమ్ముడుపోవడం తక్కువ. ధర్మవరం వ్యాపారి కొంటే ధర్మవరం పట్టు అవుతుంది, కంచి దారి పడితే కంచిపట్టు అవుతుంది, బెంగళూరు చిక్‌పేటకు చేరితే ఏ పేరైనా అవుతుంది. పుంగనూరు నుంచో కుప్పం నుంచో పెళ్లిచీరల కోసం కంచికి పోయి వచ్చే కుటుంబాలు, తమ ఊరికి దగ్గర్లో నేసిన చీరనే అక్కడ కొనుక్కుని తెచ్చుకునే అవకాశం లేకపోలేదు.

అలాగని నేరుగా నీరుగట్టువారిపల్లెకు వెళ్లినంత మాత్రాన చేనేత చీర చేతికొస్తుందనీ అనుకోవద్దు. ఆ వీధుల్లో ఇప్పుడు మరమగ్గాలు కూడా ఉన్నాయి. పక్కపక్క ఇళ్లలోనే ఒకచోట చేతిమగ్గం, ఒకచోట మరమగ్గం ఆడుతుంటాయి. కాబట్టి ముందు చెవులతో వెతకాలి. చేతిమగ్గానిది ఆగి ఆగి వచ్చే చప్పుడు. నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోవడం, పలక దెబ్బ పడటం, మధ్యలో తెగిన పోగు అతకడానికో, బుటా దగ్గర చేయి పెట్టడానికో నేతగాడు ఆగడం, ఇవన్నీ వీధిలో నిలబడి వినొచ్చు. మరమగ్గం మోత ఒకే వేగంతో, ఎడతెరిపి లేకుండా సాగుతుంది. మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే.

అమ్మే హక్కు ఎవరికి?

చప్పుడు పట్టుకుని ఒక ఇంట్లోకి వెళ్లారు. గుంటమగ్గంలో కాళ్లు దించుకుని నేతగాడు కూర్చున్నాడు. మగ్గం మీద కనకాంబరం రంగు చీర సగం దాకా వచ్చింది, మనసుకు నచ్చింది. "అన్నా, ఈ చీర మాకిస్తారా?" అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు ఒక్కటే. "ఇది మాది కాదు సామీ, షావుకారుది."

నేరుగా కొనడమనే మాటలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎక్కువమంది నేతగాళ్లు కూలికి నేస్తారు. వార్పు, రేషం, జరీ అన్నీ షావుకారు ఇస్తాడు. నేతగాడు నేసి, కోసి, చీర అప్పజెప్పి కూలి తీసుకుంటాడు. మగ్గం అతనిది, ఇల్లు అతనిది, పనితనం అతనిది, చీర మాత్రం అతనిది కాదు. ఆ చీర మీకిమ్మని బలవంతపెడితే అతన్ని ఇరకాటంలో పెట్టినట్టే. తీసుకున్న వార్పుకు ఇన్ని చీరలు ఇవ్వాలన్న లెక్క ఉంటుంది, అడ్వాన్సు బాకీ ఉంటుంది. ఒక చీర తగ్గితే తర్వాతి వార్పు రాకపోవచ్చు.

అందుకే వీధిలో మొదట అడగాల్సింది ధర కాదు. "ఈ మగ్గం మీద చీర ఎవరిది?" అని అడగాలి. దానికి మూడు రకాల జవాబులు వస్తాయి, మూడింటికీ దారి ఉంది. కూలిమగ్గమైతే, ఏ షావుకారుకు నేస్తున్నారో కనుక్కుని ఆయన ఇంటికి పోవచ్చు. చాలామంది షావుకార్లు ఒకప్పుడు స్వయంగా నేసినవాళ్లో, నేతింటి బిడ్డలో. ఇంట్లోనే చీరలు చూపిస్తారు. సొంతంగా వార్పు కొనుక్కుని నేసేవారైతే చీర వాళ్లదే, బేరమూ వాళ్లతోనే. వీళ్లు కొద్దిమందే ఉంటారు గానీ, వీధిలో నలుగురిని అడిగితే ఇల్లు చూపిస్తారు. సహకార సంఘంలో సభ్యులైన నేతగాళ్ల సరుకు సంఘం ద్వారా ఆప్కోకు చేరుతుంది. 1976లో ఏర్పడిన ఆప్కో రాష్ట్రంలోని చేనేత సహకార సంఘాలకు పైసంస్థ. నేతవీధుల దాకా వెళ్లే వీలు లేని వాళ్లకు ఆప్కో షోరూమే నమ్మకమైన దారి. ఎంపిక తక్కువ ఉండొచ్చు గానీ మరమగ్గం భయం తక్కువ.

షావుకారు దగ్గర కొంటే నేతగాడి దగ్గర కొన్నట్టేనా? నా మటుకు, ఏ మగ్గం మీద నేశారో చూపించగలిగిన షావుకారు దగ్గర కొంటే అది నేరుగా కొన్నట్టే. "పదండి, ఆ ఇంటికే పోదాం" అన్నవాళ్లతో బేరం చేయండి. "మగ్గం ఎందుకు చూడటం, చీర చూడండి" అని దాటవేసేవాళ్ల దగ్గర జాగ్రత్త.

కుప్పం, పుంగనూరు, పలమనేరు ప్రాంతాలకు ఈ చీర కథలో ఉన్న పాత్ర వేరు. మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు అటువైపు ఎక్కువ. పడుగు పోగు నేతలో బిగువుకూ ఒరిపిడికీ తట్టుకోవాలి కాబట్టి దానికి తెల్లటి బైవోల్టిన్ గూళ్ల దారం మేలు. సంకరజాతి పసుపు గూళ్ల దారం ఎక్కువగా పేకకు పోతుంది. మగ్గాల మీద చైనా పట్టు కూడా ఆడుతుంది, దాచాల్సిందేమీ లేదు. పట్టు ఎక్కడిదైనా పట్టే. మీరు తేల్చుకోవాల్సింది చీర ఎక్కడ, ఎలా నేశారన్నది.

పెళ్లికి ఒక వార్పు

దుకాణంలో ఒక చీర ఏరుకునే అలవాటుతో మగ్గం దగ్గరికి వెళితే నిరాశే మిగులుతుంది. మగ్గం ఒక చీరకు సిద్ధం కాదు, ఒక వార్పుకు సిద్ధమవుతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లకు నేతింట దొరికే లాభం దుకాణంలో దొరకదు.

పుంగనూరులో ఒక ఇంట్లో పెళ్లి అనుకుందాం. ముహూర్తపు చీర, పెళ్లికూతురి అమ్మకొకటి, అత్తకొకటి, పిన్నికొకటి, మొత్తం నాలుగు పట్టుచీరలు కావాలి. నాలుగు చీరలకు సరిపడా ఎర్ర పడుగు, ఆకుపచ్చ అంచులతో ఒక వార్పు పోయించమని సొంతంగా నేసే నేతగాడికి చెప్పారు. ఇక నాలుగు చీరలూ ఒకే రంగులో ఉంటాయని బెంగపడనక్కర్లేదు. పడుగు మారదు గానీ పేక మారుతుంది. మొదటి చీరకు పేక కూడా ఎరుపే వేస్తే నిండు ఎరుపు, అది ముహూర్తానికి. రెండోదానికి పసుపు పేక వేస్తే నారింజ ఛాయ. మూడోదానికి నీలం వేస్తే ఊదా వైపు తిరుగుతుంది. నాలుగోదానికి ఆకుపచ్చ పేక వేస్తే కదిలినప్పుడల్లా ఒకసారి ఎరుపు, ఒకసారి పచ్చ కనిపించే నెమలికంఠం తరహా మెరుపు వస్తుంది. అంచు పడుగు రంగు మాత్రం నాలుగింటికీ ఒకటే, ఎందుకంటే అంచు పోగులు కూడా పడుగులోనే పోసి ఉంటాయి. బుటాలు మార్చాలంటే జకార్డు అట్టలు మార్చాలి. అది ఖర్చు, సమయం. ఒకే డిజైన్‌కు ఒప్పుకుంటే చవక.

ఇలా చెప్పించుకునేటప్పుడు ధరను ముక్కలుగా అడగండి. వార్పు, రేషానికి ఎంత, జరీకి ఎంత, కూలి ఎంత? ఈ మూడూ విడివిడిగా చెప్పగలిగినవాడికి చీర సంగతి తెలుసు. జరీ రకం మారితే ధర ఎంత మారుతుందో కూడా అప్పుడే తేలుతుంది. వార్పు కొనడానికి అడ్వాన్సు ఇవ్వడం న్యాయమే. ఇచ్చింది కాగితం మీద రాయించుకోండి. పడుగు, పేక, అంచు రంగులు, జరీ రకం, చీర పొడవు కూడా అందులోనే ఉండాలి. రవికతో కలిపి ఆరుంపావు మీటర్లు మామూలు కొలత.

సమయం దగ్గరే పెళ్లివారు ఎక్కువగా దెబ్బతింటారు. దారానికి రంగు వేయాలి, ఆసు పోయాలి, కొత్త పడుగును పాత పడుగు కొసలకు పోగు పోగుగా అతకాలి. వేల పోగులు. ఆ తర్వాతే నేత మొదలవుతుంది. ఒక్కో చీరకు పనిని బట్టి కొన్ని రోజుల నుంచి వారం పైదాకా పడుతుంది. నాలుగు చీరలకు రెండు మూడు నెలలు ముందే చెప్పాలి. చిత్తూరు సీమలో ఆశ్వయుజ కార్తీకాల్లో ముసురు పడితే మగ్గం గుంటలోకి చెమ్మ ఎక్కుతుంది, పట్టు పోగు సాగదు, రోజుల తరబడి పని ఆగిపోతుంది. కార్తీకంలో పెళ్లి పెట్టుకుని ఆశ్వయుజంలో చెప్పడమంటే నేతగాడినీ మనల్నీ ఇబ్బంది పెట్టుకోవడమే.

వార్పు మీద చీర నడుస్తుండగా ఒకసారి వెళ్లి చూసి రండి. చేనేత అనడానికి దీనిని మించిన రుజువు లేదు.

పట్టు వేరు, చేనేత వేరు

మగ్గం చూడకుండా చీర కొనాల్సి వచ్చినప్పుడు పరీక్షలు కావాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒక పోగు లాగి కాల్చి, వెంట్రుక కాలిన వాసన రాగానే "చేనేతే" అనేస్తారు. కాలిన వాసన చెప్పేది అది పట్టు అని మాత్రమే. మరమగ్గం మీదా మేలైన పట్టు నేయొచ్చు. అలాగే చేతిమగ్గం మీద పట్టు పడుగులో నకిలీ పేక వేసి నేయొచ్చు. అసలు పట్టేనా, చేతినేతేనా, జరీ ఏది? ఈ మూడు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. చీర ఒకదాంట్లో నెగ్గి ఇంకోదాంట్లో ఓడిపోవచ్చు.

ముందు పట్టు పరీక్ష. పమిట చివర వదిలేసిన కుచ్చు పోగులు పడుగువి. రవిక వైపు కోసిన కొస నుంచి అడ్డంగా లాగితే పేక పోగు వస్తుంది. రెండూ తీసి విడివిడిగా కాల్చాలి. మోసం ఎక్కువగా పేకలోనే జరుగుతుంది కాబట్టి కుచ్చు ఒక్కటీ కాల్చి తృప్తి పడొద్దు. పట్టు పోగు మంట తీయగానే దానంతట అదే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన కంపు వస్తుంది, కొసన నల్లటి పూస కడుతుంది, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరుగుతుంది, నల్లపొగ వస్తుంది, చల్లారాక గట్టి పూస మిగులుతుంది, నలగదు. ఆర్ట్ సిల్క్ పేరుతో వచ్చే విస్కోస్ కాగితంలా గబగబా కాలి తేలికైన బూడిద అవుతుంది. ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. దారంలోనే పట్టుతో పాటు ఇంకోటి కలిపి పేనితే వాసన మోసగిస్తుంది. అనుమానం ఉంటే సిల్క్ మార్క్ సంస్థవాళ్ల పరీక్షే శరణ్యం.

చేతినేత తేల్చడం దీనికంటే కష్టం. ఒక్క గుర్తుతో తేలదు, కొన్ని కలిపి చూడాలి.

అన్నిటికంటే గట్టి గుర్తు కుట్టు అంచు. చీర ఒడలు ఒక రంగు, అంచు మరో రంగు అయినప్పుడు, ఒడలి పేక ఒడల్లోనే ఆగిపోయి, అంచు పేక అంచులోనే తిరిగేలా వేర్వేరు నాడెలతో నేస్తారు. రెండు పేకలూ కలిసే చోట ఒకదానికొకటి మెలిపడి వెనక్కి మళ్లుతాయి. పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు నాడె వేయాలి. అందుకే కూలి ఎక్కువ. చీర తిరగేసి అంచు, ఒడలు కలిసేచోట వేలితో తడిమితే సన్నటి గీతలా గట్టిదనం తగులుతుంది, దగ్గరగా చూస్తే పళ్ల వరుసలా ఎగుడుదిగుడు కనిపిస్తుంది. అంచు రంగు కూడా నిండుగా ఉంటుంది, ఆ అంచులోకి ఒడలి రంగు రాదు. మరమగ్గం మీద అంచు పడుగు దట్టంగా పెట్టి నిండు రంగున్నట్టు భ్రమ కల్పించొచ్చు. అప్పుడు అంచు కొసలో ఒకటి రెండు పోగులు పక్కకు నెట్టి చూస్తే, పచ్చ అంచు లోపల ఒడలి ఎర్ర పేక దొరికిపోతుంది.

అయితే కుట్టు లేని చీరంతా మరమగ్గానిది అనుకుంటే నేతగాడికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఒడలి పేకే అంచు దాకా పోయే సాదా అంచు చీరలు చేతిమగ్గాల మీద రోజూ నేస్తారు. వాటికి ఇతర గుర్తులు వెతకాలి.

నేసిన బట్ట ముడుచుకోకుండా వెడల్పుకు సాచి పెట్టడానికి రెండు కొసలా సూదిమొనలున్న కర్రను వాడతారు. కొన్ని అంగుళాలు నేశాక దాన్ని తీసి ముందుకు గుచ్చుతారు. చీర రెండు అంచుల చివరా కొంత దూరానికొకసారి, చేత్తో గుచ్చినట్టు చిన్నచిన్న రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య దూరం కొద్దిగా మారుతుంటుంది. మరమగ్గంలో ముళ్ల చక్రాలు బట్టను పట్టుకుని తిరుగుతాయి కాబట్టి గుచ్చిన గుర్తులు విడవకుండా, సమానంగా వరుసకట్టి సాగుతాయి. ఇస్త్రీ, పాలిష్ పడ్డాక రంధ్రాలు కొంత పూడతాయి. అందుకే పాలిష్‌కు పోని చీర చూడటం మేలు.

తర్వాత చీరను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టండి. చేయి కొట్టే దెబ్బ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. అన్నానికి లేచి వచ్చి మళ్లీ కూర్చున్నచోట సన్నటి గీత పడొచ్చు. ఆరు మీటర్లలో ఎక్కడో ఒకచోట పేక ఒత్తుగా, ఇంకోచోట రవ్వంత పల్చగా కనిపిస్తుంది. తిరగేస్తే తెగిన పోగును ముడేసిన గుర్తులు దొరుకుతాయి. ఇవి లోపాలు కావు, ధర తగ్గించమని అడగడానికి సాకులు అంతకన్నా కావు. బుటాల వెనక కత్తిరించిన జరీ కొసలు కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. జకార్డు మీద జరీ పేక అంచు నుంచి అంచు దాకా పోతుంది, వెనక తేలిన పోగును తర్వాత కత్తిరిస్తారు. చేతిమగ్గానికీ జకార్డు ఉంటుంది. ఒక్కో బుటాకు విడిగా చిన్న కండె పెట్టి చేత్తో నేసిన చీరకైతే, బుటాకూ బుటాకూ మధ్య వెనక జరీయే ఉండదు. ఆ చీర ధర ఎక్కువగా ఉంటే అందుకు కారణం ఉంది.

జరీ సంగతికి వస్తే, అసలు జరీ పట్టుదారం మీద సన్నటి వెండి రేకు చుట్టి బంగారు పూత పూసినది. టెస్టెడ్ జరీలో వెండి చోట రాగి ఉంటుంది. ఇంకా చవకది మెరుపు పూసిన ప్లాస్టిక్ పట్టీ. కొసన వేలాడే జరీ పోగును గోటితోనో బ్లేడు వీపుతోనో గీకితే అసలుదైతే తెల్లగా వెండి మెరుస్తుంది, రాగిదైతే ఎర్రబారుతుంది. ప్లాస్టిక్‌ది మంట సోకగానే ముడుచుకుని కరుగుతుంది. టెస్టెడ్ జరీ వేయడం తప్పు కాదు. అందరూ వెండి జరీ కొనలేరు. దాన్ని వెండి జరీ ధరకు అమ్మితేనే తప్పు.

రెండు ముద్రలు, రెండు మాటలు

చీరకు వేలాడే చీటీల విషయంలోనూ ఇదే తికమక. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ చెప్పేది ఒక్కటే, ఇది అచ్చమైన పట్టు అని. మరమగ్గం పట్టుచీరకు కూడా అది నిజాయతీగానే ఉండొచ్చు. చేతినేతకు వేరే ముద్ర ఉంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్‌లో పడుగు పేకలు అల్లుకుని ఘనంలా కనిపించే బొమ్మ ఉంటుంది. అది చేతిమగ్గం మీద నేశారని చెబుతుంది గానీ పట్టా, నూలా అన్నది చెప్పదు. పట్టు చేనేత చీరకు రెండూ ఉంటే పూర్తి భరోసా. ఒకటే ఉంటే రెండో సంగతి మీరే చూసుకోవాలి. రెండు చీటీల మీదా నంబరు ఉంటుంది. నంబరు లేని, బొమ్మ మాత్రం అచ్చేసిన అట్టముక్కను లెక్కలోకి తీసుకోవద్దు.

నేతగాడి ఇంట్లో ఈ చీటీలు లేకపోవచ్చు. నమోదు, రుసుము, నెట్టుకెళ్లే ఓపిక అందరికీ ఉండవు. అక్కడ మగ్గమే సాక్ష్యం. చీటీ పట్టింపు మగ్గం కనబడని దుకాణం దగ్గర పెట్టుకోండి.

దుకాణంలో కొన్నప్పుడు బిల్లు మీద "పట్టుచీర – 1" అని రాస్తే ఒప్పుకోవద్దు. "చేనేత, శుద్ధ పట్టు, ఫలానా జరీ" అని రాయించండి. ఆ మూడు మాటలు రాయడానికి వెనకాడిన చోట చీర మడిచి ఇచ్చేయొచ్చు. రాసి, ఆ తర్వాత అబద్ధమని తేలితే, వినియోగదారుల కమిషన్ ముందు ఆ కాగితమే ఆధారం. చట్టం ఇంకొకటి కూడా ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద ఇప్పుడు 11 రకాల వస్త్రాలు చేతిమగ్గాలకే కేటాయించి ఉన్నాయి, ఆ జాబితాలో చీరకూ చోటుంది. ఏయే తరహా అంచు, పేక పనితనం మరమగ్గం మీద నేయకూడదో అందులో వివరంగా ఉంది. ఆ చట్టం చెల్లుతుందని 1993లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. మరమగ్గం చీరను చేనేత పేరుతో అమ్ముతున్నట్టు ఆధారం దొరికితే, బిల్లు, చీర కొస నుంచి తీసిన పోగులు కవర్లో పెట్టుకుని చేనేత జౌళి శాఖ కార్యాలయంలో ఫిర్యాదు రాసివ్వొచ్చు. నీరుగట్టువారిపల్లె నేతగాళ్లు ఈ చట్టం అమలు చేయమని ఎన్నోసార్లు రోడ్డెక్కారు. కొన్నవాళ్ల చేతి బిల్లు తోడైతే ఆ ఫిర్యాదుకు బలం పెరుగుతుంది.